ఒకే పోస్టు, రెండు బిల్లులు

కొత్తవాడలో మా బాపు నేయించే జంపఖానాలను హన్మకొండలోని మా చిన్న దుకాణంలోనూ, వాట్సాప్ ద్వారానూ అమ్ముతాము. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత అడిగేవారు కొంత పెరిగినప్పటికీ, ఆ అడిగేవారిలో చాలామంది హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలవారే. ఇక్కడివారికి జంపఖానా అంటే పెళ్లికో సభకో పరిచే వస్తువు తప్ప, నాలుగైదు వేలు పెట్టి హాలులో వేసుకునే వస్తువు కాదు. ఈ చిన్న విషయం నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా నా మొదటి ప్రకటన డబ్బును వరంగల్ చుట్టూనే ఖర్చు పెట్టాను. ఆ పొరపాటు ఎలా జరిగింది, తరువాత అదే పోస్టుతో పూర్తి స్థాయి ప్రచారం ఎలా నడిపాను, రెండింటిలోనూ డబ్బు ఏ దారిన పోయింది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

2024 ఫిబ్రవరిలో ఇకత్ పద్ధతిలో రంగు అద్దిన ఒక నీలి జంపఖానా ఫోటోను మా ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. మామూలుగా మా పోస్టులకు ముప్పై నలభై లైకులు వస్తాయి; దీనికి ఒక్క రోజులో రెండు వందలు దాటాయి. పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్, అంటే డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే బటన్, అప్పుడే కంటపడింది. నొక్కితే ఫోన్‌లోనే ఒక్క తెర వచ్చింది. లక్ష్యం ఏమిటి, ఎవరికి చూపాలి, ఎన్ని రోజులు, రోజుకు ఎంత, డబ్బు ఎలా కడతారు అన్నవి దాదాపు అన్నీ ఆ ఒక్క తెరలోనే ఉన్నాయి. లక్ష్యాన్ని ‘ఆటోమేటిక్’ అని ముందే ఉన్నట్టుగానే వదిలేశాను. ఊరు వరంగల్ అని ఇచ్చాను, దాని చుట్టూ నలభై కిలోమీటర్లు అదే వచ్చి చేరింది. వయసు పద్దెనిమిది నుంచి అరవై అయిదు, ఆసక్తులుగా చేనేత, గృహాలంకరణ అని రెండు మాటలు ఎంచుకున్నాను. రోజుకు అయిదు వందల చొప్పున ఆరు రోజులు. పని మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

గడువు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఆ తెరలో, నేను ఆపేవరకు నడుస్తూనే ఉండాలి అనే ఎంపిక కూడా ఉంటుంది; దాన్ని చూసుకోకుండా ముందుకు వెళ్తే ఆరు రోజుల బూస్టు ఆరు వారాలైనా ఆగదు. ముగింపు తేదీ పెట్టాను కాబట్టి ఆ నష్టం తప్పింది.

ఆరు రోజుల తరువాత లెక్క చూస్తే, పోస్టు నలభై ఒక్క వేల మందికి చేరింది, పదకొండు వందల యాభై లైకులు వచ్చాయి. పోస్టులో ఇచ్చిన నంబరుకు వాట్సాప్‌లో వచ్చిన విచారణలు తొమ్మిది, కుదిరిన బేరం ఒకటి. మూడు వేల రూపాయలకు ఒక్క బేరం! లైకులు చూసి మా చిన్నాన్న కొడుకు అభినందించాడు గానీ, బాపు మాత్రం “లైకులతోని నూలు వస్తదా బిడ్డా?” అన్నారు. ఆయన ప్రశ్నలోనే విషయమంతా ఉందని నాకు తరువాత అర్థమైంది. నేను ఆ వ్యవస్థకు లక్ష్యం స్పష్టంగా చెప్పలేదు. చెప్పనప్పుడు అది ఆ పోస్టుకు తేలికగా దొరికే స్పందన కోసం వెతికింది. ఏది కనిపించినా లైకు కొట్టే అలవాటున్నవారు తక్కువ ఖర్చుకు దొరుకుతారు, కొనేవారు అలా దొరకరు.

ఎవరికి చేరిందన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. ఆ వారమే, ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, మేడారం జాతర జరిగింది. ఊరి పేరుతో ఎంచుకున్నప్పుడు అక్కడ నివసించేవారే కాదు, ఇటీవల అక్కడ ఉన్నవారు కూడా లెక్కలోకి వస్తారు. హన్మకొండ మీదుగా తల్లుల దర్శనానికి పోయి వచ్చే జనం ఎంతటిదో ఇక్కడివారికి నేను చెప్పనవసరం లేదు. పోస్టు కింద ఒకాయన “అన్నా, జాతరకు వచ్చి మంచిర్యాలకు వాపసు పోతున్నం, మా దిక్కు దుకాణం ఉన్నదా” అని రాసినప్పుడు, నా డబ్బులో కొంత బస్సు కిటికీల పక్కన కూర్చున్నవారి మీద ఖర్చయిందని అనుకున్నాను. ఆసక్తుల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. చేనేత, గృహాలంకరణ అని రెండు ఇచ్చినప్పుడు ఆ రెండూ ఉన్నవారికి చూపుతుందని నేను అనుకున్నాను. కానీ ఆ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలునని దాని అర్థం. మా చుట్టుపక్కల చేనేత మీద ఆసక్తి ఉన్నవారంటే ఎక్కువగా నేసేవారే. వ్యాఖ్యలు పెట్టినవారిలో నాకు తెలిసిన మగ్గం పనివారు పదిమందికి పైగా ఉన్నారు. జంపఖానాలు నేసేవారికి జంపఖానా ప్రకటన చూపించడానికి నేను డబ్బు కట్టాను.

ఇక ఆ బిల్లు సంగతి. నేను పెట్టిన బడ్జెట్ మూడు వేలు. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ అయిదు వందల నలభై కలిసి మొత్తం మూడు వేల అయిదు వందల నలభై అయింది. బడ్జెట్ గడిలో మనం వేసే అంకెలో పన్ను ఉండదు. పైగా ఆ డబ్బు ఒకేసారి పోలేదు. కార్డు జతచేసి ఉన్న ఖాతాలో ఖర్చు ఒక నిర్ణీత మొత్తానికి చేరగానే ఆ మేరకు కార్డు నుంచి తీసుకుంటారు, మిగిలింది నెలవారీ బిల్లు తేదీన తీసుకుంటారు. కొత్త ఖాతాకు ఆ మొత్తం చిన్నదిగా ఉండి, చెల్లింపులు సక్రమంగా జరిగేకొద్దీ పెరుగుతుంది. మాది కొత్త ఖాతా కాబట్టి చిన్న చిన్న కోతలు వరుసగా పడ్డాయి. బ్యాంకు నుంచి వచ్చే సందేశాలు బాపు ఫోన్‌కు వెళ్తాయి. “ఏందిరా, ముక్కలు ముక్కలు చేసి పైసలు గుంజుతున్నరు, ఎవడన్న కార్డు దొంగిలించిండా?” అని ఆయన దుకాణం నుంచి ఫోన్ చేశారు. నేను ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతున్నందున ఇంకొక ఖర్చు గురించి ఆలోచించవలసిన పని లేకపోయింది. ఐఫోన్ యాప్‌లోనే బూస్టు చేసి డబ్బు కడితే ఆపిల్ వసూలు చేసే ముప్పై శాతం రుసుము చేరే పద్ధతి 2024లో అమెరికాలో మొదలైంది. ఐఫోన్ ఉన్నవారు ఆ పనిని బ్రౌజర్‌లో చేసుకోవడం మేలు.

నెల తిరిగాక మా ఆడిటర్ సారుకు ఆ బిల్లు ఇస్తే ఆయన పైనుంచి కిందికి ఒకసారి చూసి, “దీని మీద మీ జీఎస్టీ నంబరు ఏది?” అన్నారు. యాడ్ అకౌంట్‌ను నేను నా పేరుతో తెరిచాను, చెల్లింపుల అమరికలలో వ్యాపార వివరాలు నింపలేదు. నంబరు లేని బిల్లు మీద కట్టిన పన్ను మా ఖాతాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మేము కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, రాదు. ఆ తరువాత నంబరు చేర్చినా పాత బిల్లు పాతదిగానే ఉండిపోయింది. అయిదు వందల నలభై పెద్ద మొత్తం కాదు, కానీ తరువాతి లెక్కలో ఇదే పన్ను ఎంత తేడా చేసిందో ముందుముందు చెబుతాను.

జూన్‌లో మళ్లీ ప్రయత్నించాలనుకున్నప్పుడు, బూస్టు బటన్ జోలికి పోకుండా కంప్యూటర్‌లో, ఫేస్‌బుక్ ప్రకటనలను పూర్తిగా మనమే అమర్చుకునే యాడ్స్ మేనేజర్ తెరిచాను. అక్కడ నన్ను ముందుగా ఆశ్చర్యపరిచింది నా పాత బూస్టే. అది కూడా అక్కడ ఒక ప్రచారంగా, పోస్టు మొదటి మాటలే పేరుగా, వరుసలో ఉంది. అంటే బూస్టు వేరే వస్తువేమీ కాదు. యాడ్స్ మేనేజర్‌లో మనం మూడు అంచెలుగా నింపవలసిన ప్రచారాన్ని, చాలా నిర్ణయాలు మన తరఫున ముందే తీసుకుని, ఒక్క తెరగా చూపించడమే బూస్టు. పై అంచె ప్రచారం, అక్కడ లక్ష్యం ఎంచుకుంటాము. నడిమి అంచె యాడ్ సెట్, అందులో ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఉంటాయి. కింది అంచె ప్రకటన, అంటే కంటికి కనిపించే ఫోటో, మాటలు. రెండూ ఒకే యాడ్ అకౌంట్‌లో నడుస్తాయి, ఒకే కార్డు మీద పడతాయి, ఒకే బిల్లులో కలుస్తాయి.

కింది అంచెలో కొత్త ప్రకటన తయారు చేయకుండా, ఇప్పటికే ఉన్న పోస్టును వాడుకునే వీలుంది. నేను అదే నీలి జంపఖానా పోస్టును ఎంచుకున్నాను. బూస్టుతో వచ్చిన పదకొండు వందల లైకులు, వ్యాఖ్యలు దానితోపాటే వచ్చాయి. ఎరుగని ఊరిలో ఎరుగని దుకాణం మీద అవి కొంత నమ్మకం కలిగించి ఉంటాయి. ఆ మూడు వేలు పూర్తిగా వృథా కాలేదని నాకు నేను చెప్పుకునే ఓదార్పు అదొక్కటే.

లక్ష్యంగా ఎంగేజ్‌మెంట్, అంటే స్పందన, ఎంచుకుని, అది ఎక్కడ జరగాలి అన్నప్పుడు వాట్సాప్ అని, ఎక్కువ సంభాషణలు మొదలయ్యేలా చూడమని ఇచ్చాను. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. సందేశాలు కావాలనే లక్ష్యం బూస్టులో కూడా ఉంది. ఫిబ్రవరిలో నేను దాన్ని ఎంచుకుని ఉంటే రెండింటి మధ్య తేడా సగానికి సగం తగ్గి ఉండేదని నా అంచనా. కాబట్టి ఆ ఫలితంలో బూస్టు లోపం కంటే నా తొందర లోపమే ఎక్కువ. బూస్టులో నాకు దొరకని సౌకర్యాలు లక్ష్యం తరువాతి అంచెలో ఉన్నాయి.

అక్కడ రెండు యాడ్ సెట్లు చేశాను, ఒకటి హైదరాబాదుకు, ఒకటి బెంగళూరుకు. వయసు ఇరవై ఎనిమిది నుంచి అరవై. వయసును కేవలం సూచనగా తీసుకుని తనకు తోచినట్టు విస్తరించుకునే పద్ధతి ముందుగానే అమర్చి ఉంటుంది. దాన్ని మార్చి, ఇది కచ్చితమైన హద్దు అని చెప్పే పాత పద్ధతిలోకి వెళ్లాను. ఆసక్తుల దగ్గర గృహాలంకరణ ఇచ్చి, దాని కింద ‘ఇంకా కుదించు’ అనే వరుసలో చేనేతను చేర్చాను. ఇప్పుడు రెండూ ఉన్నవారే మిగిలారు. అంతకంటే ముఖ్యంగా, గత ఏడాదిలో మా పేజీతో ఏ రకంగానైనా స్పందించినవారిని ఒక జాబితాగా చేసి, వారికి ఈ ప్రకటన చూపవద్దని మినహాయించాను. మా బంధువులు, మగ్గం పనివారు, జాతరకు పోతూ లైకు కొట్టినవారు అందరూ ఒక్క దెబ్బతో పక్కకు తప్పుకున్నారు. పాత కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు ఎక్కించి, వారిని పోలినవారిని వెతకమనే మార్గం కూడా ఉంది. మా బిల్లు పుస్తకంలో అందుకు సరిపడా నంబర్లు ఉన్నాయి. కానీ వారు ఆ నంబరును బిల్లు కోసం ఇచ్చారు గాని ఇందుకు కాదు. అడగకుండా ఎక్కించడం నాకు సరైనదనిపించలేదు.

బడ్జెట్ దగ్గర రోజువారీ మొత్తానికి బదులు మొత్తం కాలానికి ఒకే మొత్తం, పది రోజులకు ఆరు వేలు, ఎంచుకున్నాను. దీనికి కారణం ఉంది. రోజువారీ బడ్జెట్ పెడితే ఒక రోజు కొంత ఎక్కువ, ఒక రోజు కొంత తక్కువ ఖర్చవుతూ, వారం మొత్తం మీద ఏడు రోజుల మొత్తాన్ని దాటకుండా సర్దుకుంటుంది. అది ఇబ్బంది కాదు. నా ఇబ్బంది రాత్రివేళ. వాట్సాప్‌కు జవాబిచ్చేది నేనొక్కడినే. బూస్టు నడిచినప్పుడు రాత్రి పన్నెండుకు వచ్చిన ప్రశ్నకు ఉదయం తొమ్మిదికి జవాబిస్తే అటువైపు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మొత్తం కాలపు బడ్జెట్ పెట్టినప్పుడు ప్రకటన ఏ గంటల్లో నడవాలో కూడా చెప్పవచ్చు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు అని పెట్టాను. ఈ ఒక్క అమరిక వల్ల, ప్రశ్న వచ్చిన కొద్ది నిమిషాల్లోనే జంపఖానా కొలత, ధర, ఇంకో రెండు ఫోటోలు పంపగలిగాను.

ఆ ఆరు వేలను రెండు యాడ్ సెట్లకు నేను విడదీయలేదు. ప్రచారం అంచెలో ఉమ్మడిగా ఉంచి, ఎక్కడ ఫలితం బాగుంటే అక్కడ ఖర్చు పెట్టమన్నాను. పది రోజుల తరువాత చూస్తే డెబ్బై నాలుగు సంభాషణలు మొదలయ్యాయి, పదకొండు బేరాలు కుదిరాయి. ఒక్కో సంభాషణకు సుమారు ఎనభై ఒక్క రూపాయలు. బూస్టులో ఇదే లెక్క మూడు వందల ముప్పై మూడు. ఇంతవరకు సంతోషమే. రెండు ఊళ్లను విడివిడిగా చూసినప్పుడు మాత్రం మళ్లీ నా తప్పు బయటపడింది. హైదరాబాదుకు నాలుగు వేల ఏడు వందలు ఖర్చయి, అరవై మూడు సంభాషణలు, ఆరు బేరాలు వచ్చాయి. బెంగళూరుకు పదమూడు వందలే ఖర్చయి, పదకొండు సంభాషణలు, అయిదు బేరాలు వచ్చాయి. సంభాషణ ధర చూస్తే హైదరాబాదు చౌక, బేరం ధర చూస్తే బెంగళూరు మూడింతలు చౌక. వ్యవస్థకు కనిపించేది సంభాషణ వరకే. ఆ తరువాత ఎవరు డబ్బు పంపారన్నది నా వాట్సాప్‌లో, బాపు పుస్తకంలో ఉంటుంది, దానికి తెలియదు. అందుకే అది నేను చెప్పినట్టే, చౌకగా దొరికే సంభాషణల వైపు డబ్బును మళ్లించింది. ఫిబ్రవరిలో లైకుల విషయంలో జరిగిందే జూన్‌లో ఒక మెట్టు పైన మళ్లీ జరిగింది. మరుసటి విడత నుంచి బడ్జెట్‌ను యాడ్ సెట్ అంచెలోనే పెట్టి, బెంగళూరుకు ఇంత, హైదరాబాదుకు ఇంత అని నేనే విడగొట్టుతున్నాను.

ఇలా విడగొట్టడానికీ ఒక హద్దు ఉంది. ఒక యాడ్ సెట్ కుదురుకోవాలంటే వారంలో దాదాపు యాభై ఫలితాలు రావాలని ఫేస్‌బుక్ చెబుతుంది. అంతవరకు అది నేర్చుకునే దశలోనే ఉండి, ధర పైకీ కిందికీ ఊగుతుంది, మధ్యలో పెద్ద మార్పులు చేస్తే ఆ దశ మళ్లీ మొదటికి వస్తుంది. మా వంటి చిన్న బడ్జెట్‌తో బెంగళూరు ఒక్కటే ఆ యాభైని అందుకోవడం కష్టం. ఇక చెన్నై, పుణె, విజయవాడ అంటూ అయిదారు యాడ్ సెట్లు చేస్తే ఏ ఒక్కదానికీ సరిపడా డబ్బు చేరదు. ఒకసారి అలా చేసి, నాలుగో రోజున వెనక్కి తీసుకున్నాను.

ఈసారి బిల్లు విషయంలో ముందే జాగ్రత్త పడ్డాను. చెల్లింపుల అమరికలలో దుకాణం పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు నింపాను. ఖాతా మొత్తానికి ఖర్చు పరిమితి కూడా పెట్టాను, నేను ఏదైనా తేదీ మరచిపోయినా ఆ గీత దాటదు. అయినా ఒక అవాంతరం వచ్చింది. ఆరో రోజున బాపు అదే బ్యాంకు ఖాతా నుంచి నూలు వ్యాపారికి డబ్బు పంపారు. సాయంత్రం ప్రకటనల బాకీ కోతకు వచ్చేసరికి ఖాతాలో నిల్వ చాలలేదు. చెల్లింపు విఫలం కాగానే ఖాతాలోని ప్రకటనలన్నీ ఆగిపోయాయి. మరునాడు ఉదయం బాకీ కట్టేవరకు ఒక్క సందేశం రాలేదు. ఆ రోజు నుంచి ప్రకటనలకు విడిగా ఒక ఖాతా, దానికో డెబిట్ కార్డు పెట్టుకున్నాము.

ఇక అసలు లెక్క. పదకొండు బేరాల విలువ పన్ను కాకుండా ఇరవై ఆరు వేల నాలుగు వందలు. నూలు, నేత కూలి, ప్యాకింగ్, కొరియర్ పోగా మాకు మిగిలేది ముప్పై శాతం, అంటే ఏడు వేల తొమ్మిది వందల ఇరవై. ప్రకటనకు అయినది ఆరు వేలు, పన్ను వెయ్యి ఎనభై, కలిపి ఏడు వేల ఎనభై. పన్నును కూడా ఖర్చుగా లెక్కిస్తే మిగిలింది ఎనిమిది వందల నలభై. అదే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తే మిగిలింది పందొమ్మిది వందల ఇరవై. బిల్లు మీద పదిహేను అక్షరాల నంబరు ఉండటం, లేకపోవడం వల్లనే మా లాభం రెండింతలకు పైగా మారింది. మేము మామూలు పద్ధతిలో పన్ను కట్టేవారం కాబట్టి ఇది సాధ్యమైంది. అమ్మకాల మీద కొద్ది శాతమే పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారులకు నంబరు ఉన్నా ఈ క్రెడిట్ రాదు, వారు పన్నుతో కలిపిన మొత్తాన్నే ఖర్చుగా వేసుకోవాలి.

బూస్టును నేను పూర్తిగా మానేయలేదు. మొన్న దుకాణాన్ని పక్క వీధిలోకి మార్చినప్పుడు, కొత్త బోర్డు ఫోటో పెట్టి, మ్యాపులో దుకాణం దగ్గర గుర్తు పెట్టి, చుట్టూ అయిదు కిలోమీటర్లకు, మూడు రోజులకు, రోజుకు రెండు వందలతో బూస్టు చేశాను. అప్పుడు నాకు కావలసింది బేరం కాదు, దారిన పోయేవారికి చిరునామా తెలియడమే. దానికి యాడ్స్ మేనేజర్‌లో అరగంట కూర్చోవలసిన పని లేదు. బాపు ఇప్పుడు తన పుస్తకంలో నూలు, కూలి, కొరియర్ పక్కన ‘ఫేస్‌బుక్’ అని ఒక గడి గీసుకున్నారు. నెల మధ్యలో ఆడిటర్ సారు జీఎస్టీ పోర్టల్‌లో మాకు రావలసిన క్రెడిట్లు చూపే 2బి పట్టికలో ఆ పన్ను కనిపించిందని చెప్పిన తరువాతే ఆ గడిలోని అంకె పక్కన టిక్కు పెడతారు.